కుడివైపు నుంచి వచ్చిన స్కూటర్

డ్రైవింగ్ స్కూల్ కారులో నా పక్కన కూర్చునే మహేందర్ సార్ కాలు ఒకచోట నిలవదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకొకరికి క్లాసు ఉందని నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటూ ఆ కాలు ఊపుతూనే ఉన్నాడు.

ఎల్బీనగర్ వెనక కాలనీలో రెండు ఇరుకు గల్లీలు కలిసే చౌరస్తాకు వచ్చాం. సిగ్నల్ లేదు, పోలీసు లేడు. అదే క్షణంలో నా కుడివైపు గల్లీలోంచి ఒక పెద్దాయన స్కూటర్ మీద వచ్చాడు. నేను బ్రేక్ మీద కాలు పెట్టాను.

“ఎందుకు ఆపుతున్నవమ్మా? హారన్ కొట్టి పోనియ్యి. నాకు లేటైతుంది.”

హారన్ కొట్టి పోనిచ్చాను. బంపర్ తగిలి స్కూటర్ పక్కకు పడింది.

పెద్దాయన మోకాలు దులుపుకుంటూ లేచాడు. సార్ సీట్లోంచి లేవకుండానే, “హారన్ కొట్టినంక ఆగాలె కద పెద్దమనిషీ,” అన్నాడు.

ఆయన సార్‌ని పట్టించుకోలేదు. నా కిటికీ దగ్గరికొచ్చి, “బిడ్డా, లర్నింగ్ లైసెన్స్ పరీక్షల గీ ప్రశ్న రాలేదా?” అని అడిగాడు.

“వచ్చింది. రెండూ ఒక్క తీరు రోడ్లయితే, కుడిదిక్కు నుంచి వచ్చే బండికి దారియ్యాలె. కరెక్టే పెట్టిన.”

“మరెందుకు పోయినవ్?”

నేను నోరు తెరిచేలోపే సార్ అందుకున్నాడు. “తెల్సి గూడ పోయింది చూడు. బ్రేక్ తొక్కాలె కదమ్మా.”

నాకు ఒళ్లు మండింది.

“మీ కాళ్ల కింద గూడ ఒక బ్రేక్ ఉన్నది సార్.”

అప్పుడు ఆగింది, ఆయన కాలు.