ఆమె కొన్న టికెట్

సెలూన్ బాబాయ్ నోట్ల కట్ట కౌంటర్ మీద పెట్టి ఫోన్ నా వైపు తిప్పాడు. నేను కూర్చునేది డబ్బు పంపే దుకాణంలో. పంపమంటే పంపడమే నా పని. కానీ ఆ తెర మీద బంగారు రంగు ముద్ర, కింద "అభినందనలు" చూడగానే ఒళ్లు మండిపోయింది. లాటరీలో కారు తగిలిందట. ముందు ఫీజు కడితే బండి ఇంటికి పంపుతారట. డబ్బు వెళ్లేది మాత్రం ఏ కంపెనీకీ కాదు, ఎవడో ఒకడి సొంత ఖాతాకి.

"టికెట్ ఎప్పుడు కొన్నారు బాబాయ్?"

"నేను కొనలేదమ్మా. మీ పిన్ని కొంది."

పిన్ని పోయి ఏడాది కావస్తోంది.

"ఇంట్లోవాళ్లు ఎవరైనా కొన్నారేమో గుర్తు తెచ్చుకోమన్నాడు ఆ ఆఫీసరు. ఆవిడకి అలవాటేగా, నాకు చెప్పకుండా ఏదో ఒకటి కొనడం. నాకు నడపడం రాదనుకో. గుమ్మం ముందు పెట్టుకుంటా."

ఆ కట్ట ఏమిటో నాకు తెలుసు. ఈ నెలాఖరులోగా సెలూన్ గదికి అడ్వాన్సు కట్టకపోతే యజమాని ఖాళీ చేయిస్తానన్నాడు. అందుకు దాచుకున్న డబ్బది.

"ఆ ఫీజేదో ప్రైజులోనే పట్టుకోమనండి."

"రూల్స్ ఒప్పుకోవట. ఎవరికీ చెప్పొద్దన్నాడు కూడా. నీకు చెప్పానని అనకు."

"ఇది మోసం బాబాయ్."

ఆయన మొహం మాడిపోయింది. "మా ఆవిడ నాకోసం ఒకటి చేసి పోయిందంటే నీకెందుకమ్మా కడుపుమంట? నువ్వు కాకపోతే పక్క వీధిలో పంపుతారు."

కట్ట తీసుకోబోతుంటే దాని మీద చెయ్యి పెట్టాను. "నేనే పంపుతాను. వాడితో ఒక్క మాట మాట్లాడాక. మీరు నోరు మెదపకండి."

ఆయన ఫోన్ నుంచే చేసి స్పీకర్ పెట్టాను. అవతల గొంతులో తేనె కారుతోంది. సెలూన్ ఆయన కూతురినన్నాను.

"ఆ టికెట్ మా అన్నయ్య కొన్నదే కదండీ?"

"అవునమ్మా, మీ అన్నయ్యగారే. రికార్డులో ఆయన పేరే ఉంది. ఫీజు ఈరోజే కట్టేయండి, లేదంటే రద్దయిపోతుంది."

బాబాయ్‌కి పిల్లలు లేరు.

ఆ తర్వాత నా నోటికి అదుపు లేదు. చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టుకుని తినే తిండి ఎలా అరుగుతుందిరా అని అడిగాను. వాడు ఫోన్ పెట్టేశాడు. వాడి పీక నా చేతికి అందలేదని ఇప్పటికీ కసే.

బాబాయ్ కట్ట తీసి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"పోలీసులకి ఫిర్యాదు చేద్దాం. నేను రాస్తాను" అన్నాను.

"రాయి. అందులో ఆవిడ పేరు మాత్రం పెట్టకు" అన్నాడు. కౌంటర్ మీది ఫోన్ తీసుకున్నాడు. "వాడికి ముందు ఆ పేరు తెలీదు. నేనే చెప్పాను."