సుష్మిత అడిగిన మాట

"ముందుగాల సరే అని రాయవే. చేరినంక నిమ్మళంగ అడగొచ్చు," బాలస్వామి మూడోసారి అన్నాడు.

"చేరినంక అడిగితే మోసం చేసినట్లుంటది నాయినా. ఇప్పుడే అడుగుత," అంది సుష్మిత, ఒళ్లోంచి ల్యాప్‌టాప్ దించకుండానే.

"అక్కకు మగ్గం గుంతలనే ఆఫీసు గావాలంట!" తమ్ముడు శ్రవణ్ నవ్వాడు.

సుగుణ మగ్గం మీద నేస్తూనే వింటోంది. కూతురు గద్వాలలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తోంది. ఇప్పుడు ఇంకా పెద్ద ఉద్యోగానికి వస్తావా అని బెంగళూరు నుంచి మెయిలొచ్చింది. కానీ నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. బాలస్వామి భుజం పడిపోయినప్పటి నుంచి పొద్దున, సాయంత్రం ఆ రెండో మనిషి సుష్మితే.

సుష్మిత తను రాసిన జవాబును తెలుగులో చదివి వినిపించింది. ఈ పని నాకు ఇష్టమే, నేనుండేది గద్వాలలో, పూర్తిగా ఇంటి నుంచి గానీ, కొన్ని రోజులు ఆఫీసుకు వచ్చి గానీ చేసే వీలుందా? ఎన్ని రోజులు రావాలి?

"పాయె, ఇగ పిలువరు," అన్నాడు బాలస్వామి.

మధ్యాహ్నమే ఫోనొచ్చింది. కంపెనీ తరఫున మనుషుల్ని వెతికే సుమన అట. స్పీకర్లో పెట్టిన ఫోన్లోకి మగ్గం చప్పుడు పోకూడదని సుగుణ చేతిలోని నాడె ఆపి కూర్చుంది.

"ఇంటి నుంచి పని ఎందుకు అడుగుతున్నారండీ?"

"మా అమ్మ చీరలు నేస్తుందండి. పొద్దున, సాయంత్రం నేను కూడా మగ్గం మీద కూర్చోవాలి. ఆఫీసు టైమంతా ఆఫీసుకే."

"పూర్తి రిమోట్ కష్టం. హైబ్రిడ్‌కు మేనేజర్‌ని అడిగి చెప్తాను."

అంతే. అవతలి మనిషి కసురుకోలేదు. సుగుణ నేసేది సేటు ఇచ్చే నూలుతో, కూలికి. ముప్పై ఏళ్లుగా సేటు ఏ నూలిస్తే అది, ఏ రోజు చీర ఇమ్మంటే ఆ రోజు. అడగడమనేది ఒకటుందనే ఆమెకు తట్టలేదు. మగ్గం సంగతి అంత పెద్ద ఆఫీసుకు అంత మామూలుగా చెప్పిన ఈ పిల్ల తన కడుపున పుట్టిందేనా అని చూస్తూ ఉండిపోయింది.

మూడో రోజు మెయిలొచ్చింది. ఇంటర్వ్యూల్లో నెగ్గితే మొదటి మూడు నెలలు బెంగళూరులో ఉండాలి. తర్వాత నెలకో వారం ఆఫీసు, మిగతాది ఇంటి నుంచి. ఆఫర్ లెటర్లోనే రాసిస్తారట.

సుష్మిత ముఖం వెలిగి, అంతలోనే వాడింది. "మూడు నెల్లు నువ్వొక్కదానివే ఎట్లమ్మా? వద్దని రాస్త."

సుగుణ మళ్లీ నాడె అందుకుంది. రాత్రి అందరికీ అన్నాలు వడ్డించి, తనూ కూర్చుని, కంచంలోకి చూస్తూ మెల్లగా చెప్పింది:

"ఇంటర్వ్యూలకు వస్తనని రాయి బిడ్డా. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు అయినంక, మూడు నెల్లు ఒక్కదాన్నే నేసేటి సాదా చీరల పనియ్యుమని సేటును నేనే పోయి అడుగుత."