వంశీ పేరుతో వచ్చిన టికెట్టు

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్తగూడ ఆఫీసులో తన సీట్లో కూర్చుని స్వాతి కంప్యూటర్లో పాత ఆన్‌లైన్ ఫారం ఒకటి తెరిచింది. పైన 'సంగటి సాయంత్రం' అని పేరు. కింద రాగిసంగటి ఫొటో ఇంకా అలాగే ఉంది.

కరోనాకు ముందు, కడప, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఉద్యోగులంతా ఏడాదికోసారి నార్సింగిలో ఒక చిన్న హాలు తీసుకుని కలిసేవారు. సంగటి, నాటుకోడి పులుసు, ఆ తర్వాత చెక్కభజన. మొదట్లో స్వాతి, ఆమెతో పనిచేసే వంశీ అట్టముక్కలు కత్తిరించి, రబ్బరు ముద్ర కొట్టి టికెట్లు పంచారు. సగంమంది వాటిని పోగొట్టుకుని గేటు దగ్గర గొడవకు దిగేవారు. అప్పుడు వంశీ క్యాంటీన్లో కూర్చుని ఒక స్క్రిప్టు, చిన్న ప్రోగ్రాం లాంటిది, రాశాడు. ఎవరైనా ఫారం నింపగానే అది వాళ్ళ పేరుతో టికెట్టు తయారుచేసి, ఓ మూల క్యూఆర్ కోడ్ అతికించి, పీడీఎఫ్‌గా మార్చి మెయిల్ చేసేది.

తర్వాత వంశీ ఉద్యోగం పోయింది. ఫోన్లు తగ్గాయి, ఆ సాయంత్రాలూ ఆగిపోయాయి. ఈ ఏడు స్వాతికి మళ్ళీ మనసు పుట్టింది.

ఫారం తెరిచి ముందుగా తన పేరే నింపింది. వివరాలు చేరే షీట్లో ఆమె పేరుతో వరుస పడింది. మెయిల్ మాత్రం రాలేదు. స్పామ్ వెతికింది, అక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇన్నేళ్ళు పనిచేసి కూడా ఎక్కడ ఆగిందో తెలియక కోడ్ చూస్తూ ఉండిపోయింది.

ఫోన్ మోగింది. స్క్రీన్ మీద వంశీ పేరు!

"స్వాతీ, సంగటి సాయంత్రం పెడతాండారా ఏంది?"

"నీకెట్లా తెలిసింది?"

"స్క్రిప్టు ఫెయిలయిందని నాకు మెయిలొచ్చింది. ఫారం నింపగానే అది నడిచేట్టు ట్రిగ్గర్ పెట్టింది నేనే కదా, ఇప్పటికీ నా సొంత అకౌంట్ మీదే నడుస్తాది. తప్పొస్తే వెంటనే చెప్పమని అప్పుడు పెట్టినా. నేనే మర్చిపోయినా."

"ఏమైంది దానికి?"

"క్యూఆర్ బొమ్మ ఒక సైట్ నుంచి తెచ్చుకునేవాళ్ళం కదా, అది మూతపడింది. బొమ్మ రాక అక్కడే ఆగిపోయింది. ఉండు, ఇంకో సైట్ పెడతా."

వెనకాల లేత్ మిషన్ల రొద వినిపిస్తోంది. బాలానగర్‌లో మామగారి వర్క్‌షాప్ చూసుకుంటున్నాడట. ఇదే ఊళ్ళో ఉంటూ ఇన్నేళ్ళుగా ఒక్కసారి కలవలేదు. అతనొక లైను మార్చి, "ఇప్పుడు మళ్ళీ నింపు" అన్నాడు. నింపింది. కాసేపటికి టికెట్టు వచ్చింది. పంపినవారి చోట వంశీ పేరు!

"నీ పేరుతో పోతోంది వంశీ. నా అకౌంట్ మీద కొత్త ట్రిగ్గర్ పెట్టుకోనా?"

"ఈసారికి నా పేరుతోనే పోనీయవా?"

స్వాతి సరేనంది. ఆ సాయంత్రమే పాత గ్రూపులో లింకు పెట్టింది.

టికెట్లు వెళ్ళడం మొదలైంది. దాంతోపాటు జవాబులూ మొదలయ్యాయి. టికెట్టు పంపినవారి చోట వంశీ పేరు చూసి జనం ఆ మెయిల్‌కే రాస్తున్నారు. 'ఏడున్నావన్నా ఇన్నాళ్ళు?' అని సందీప్. 'పులుసులో కారం తగ్గించమనండి, మా పిల్లలు తింటారు' అని నవ్య. అవన్నీ వంశీ మెయిల్ పెట్టెలోకే పోతున్నాయి. రాత్రి అతను స్వాతికి వాటిని చదివి వినిపించాడు. నవ్వుతూ మొదలుపెట్టినవాడు సందీప్ మాటను రెండోసారి మెల్లగా చదివాడు.

"ఉద్యోగం పోయినోడు గుర్తుంటాడని అనుకోలేదబ్బా" అన్నాడు.

"నువ్వే మాకు కనపడకుండా పోయినావు. మేమేం పోలేదు" అంది స్వాతి. తనూ ఫోన్ చేసి ఉండాల్సిందని ఆ క్షణాన ఆమెకు తోచింది.

ఆదివారం సాయంత్రం వంశీ అందరికంటే ముందే హాలుకు వచ్చాడు. జుట్టు పలచబడింది, చేతులు మొరటుబారాయి. గేటు దగ్గర తనే నిలబడి ఒక్కొక్కరి క్యూఆర్ స్కాన్ చేశాడు. అందులోని నంబరును బట్టి షీట్లో వాళ్ళ వరుస పక్కన 'వచ్చారు' అని పడుతోంది. స్కాన్ అయినవాళ్ళు లోపలికి పోకుండా అతని చుట్టూ మూగుతున్నారు. హాలు యజమాని బాలనర్సయ్య చూసి చూసి, "ఏందిది సార్, జర లోపటికి పోండ్రి. సంగటి సల్లారిపోతుంది!" అని కేకేశాడు.

ఒకప్పుడు నిండిపోయే హాలు సగమే నిండింది. కొందరు బెంగళూరు వెళ్ళిపోయారు, కొందరు ఏమయ్యారో తెలియదు. చెక్కభజనలో అడుగులు తడబడ్డాయి, రెండు పాటలకే ఆయాసం వచ్చింది. అయినా మూడో పాటకు వంశీ చెక్కలు పైకెత్తి గొంతు కలిపేసరికి, స్వాతి చెప్పులు విడిచి వరుసలోకి వచ్చి నిలబడింది.