పాపిట మీది పొడి

దీపకు నిశ్చితార్థం అయిన నెలకే డెంగీ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గి, మళ్ళీ డ్యూటీలో చేరి, అంతా బాగుందనుకున్నాక జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన నిండా, దిండు మీద, స్నానాల గదిలో నీళ్ళు పోయే తూము దగ్గర, ఎక్కడ చూసినా వెంట్రుకలే. పెద్ద జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు ఇలా రాలుతుందని, మళ్ళీ వస్తుందని డాక్టరు చెప్పాడు. దీప గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. ఆ మాట ఆమెకు అర్థమైంది. వాళ్ళమ్మ సారవ్వకు అర్థం కాలేదు.

"మల్లొస్తది సరే. పెండ్లి నాటికి వస్తదా?" అంది సారవ్వ.

రాదు. పెళ్ళి మే నెలలో. ఇప్పటికే పాపిట వేలంత వెడల్పై, మధ్యలో తెల్లగా నెత్తి కనబడుతోంది. దాని పక్కన కొన్ని నెరిసిన వెంట్రుకలు కూడా పైకి తేలాయి.

"కిషన్‌కు చెప్త అమ్మా. ఫోన్ల ఒక్క మాట," అంది దీప.

"నా మీద ఒట్టు. చెప్పినవంటే నేను పెండ్లికి నిలబడ."

పెళ్ళికొడుకు కిషన్‌ది గోలేటి. అక్కడే బొగ్గు బావిలో పని. షిఫ్టు దిగగానే రోజూ ఫోన్ చేస్తాడు. నిశ్చితార్థం ఫొటోలో దీప జడ తనకు ఇష్టమని రెండు మూడుసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ దీప మాట మార్చింది.

పెళ్ళికి వారం ముందు సారవ్వ కూతుర్ని మార్కెట్ దగ్గర సంధ్యారాణి పార్లర్‌కు తీసుకెళ్ళింది. సంధ్యారాణి పాపిట విడదీసి చూసి, "రంగేద్దామంటే ఉన్న ఎంట్రుకకే పడతది. లేని జాగకు ఏమెయ్యాలె? నెత్తి కనబడకుండ పైపూత పెట్టాలె," అంది.

ముందు స్టిక్ తీసింది. లిప్‌స్టిక్ లాంటిదే, నల్లటి మైనం. గీసిన పది నిమిషాలకు బాగానే ఉంది. బయట ఎండ మండిపోతోంది, లోపల కూలర్ తిరుగుతున్నా ఉక్కే. కాసేపటికి మైనం మెత్తబడి మెరవడం మొదలైంది. నుదుటి మీదికి సన్నటి నల్ల గీత దిగింది. తల కడిగి ఆరబెట్టి, నుదుటికి కాగితం అడ్డం పెట్టి స్ప్రే కొట్టింది. వెంట్రుకలు అట్టకట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నెత్తి మీద గోడకు రంగేసినట్టుంది.

"నల్లగున్నది గద, మంచిగనే ఉన్నది," అంది సారవ్వ.

"గింత నలుపు నెత్తి మీద ఎవరికుంటదమ్మా?" అంది దీప. రెండోసారి తల కడిగించుకునేసరికి ఆమె మెడ పట్టేసింది.

చివరికి ముదురు గోధుమ రంగు పొడి పనికొచ్చింది. జుట్టు పూర్తిగా ఆరాక, నూనె లేకుండా, చిన్న కుంచెతో పాపిట వెంట అద్దాలి. వెంట్రుకల మొదళ్ళకు పట్టుకుని, నెత్తి తెలుపు తగ్గి, పాపిట మామూలుగా కనబడింది. దీప అద్దంలో చూసుకుంది. నిజంగానే బాగుంది. బాగున్నందుకు కూడా ఆమెకు చిరాకేసింది.

"తడి తగిలితే?" అని అడిగింది.

"పైన జుట్టుకు కొట్టే స్ప్రే పట్టిస్త. కొంచెం చెమటకు ఆగుతది. నీళ్ళు పడితే మాత్రం ఆగదు."

"జీలకర్ర బెల్లం?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముద్ద పెట్టేది సరిగ్గా అక్కడే. "తమలపాకు మీద పెట్టిపిద్దాం. అయ్యగారికి నేను చెప్త," అంది సారవ్వ.

పెళ్ళి రోజు పొద్దున సంధ్యారాణి ఇంటికొచ్చి పొడి అద్ది, స్ప్రే పట్టించి, పైన పాపిటబిళ్ళ పెట్టింది. ఫంక్షన్ హాల్లో ఏసీ సగమే పనిచేస్తోంది. మండపంలో హోమం పొగ, వీడియో వాళ్ళ లైట్లు. దీప తల కదపకుండా కూర్చుంది. చెమట చెవుల వెనక నుంచి కారుతుంటే తుడుచుకోవడానికి కూడా భయం. పెళ్ళికూతురు సిగ్గుపడుతోందని వెనకెవరో అన్నారు.

ముహూర్తం వచ్చింది. అయ్యగారు ముద్దను తమలపాకు మీద పెట్టే ఇచ్చారు. కానీ తెర అడ్డం ఉంది, కిషన్‌కు చేయి సరిగా ఆనలేదు. ఆకు జారి ఆమె భుజం మీద పడింది. తడి ముద్ద నేరుగా పాపిట మీద కూర్చుంది. "గట్టిగ ఒత్తిపట్టు నాయినా," అన్నారు అయ్యగారు. కిషన్ ఒత్తిపట్టాడు. మంత్రాలు అయ్యేదాకా వదల్లేదు.

తెర తీశాక అతను తన చేయి చూసుకున్నాడు. పొడి బెల్లం తడితో కలిసి వేళ్ళన్నీ మట్టి రంగుకు తిరిగాయి. ముందు అతనికి అర్థం కాలేదు. ఆమె తల వైపు చూశాడు, అప్పుడు అర్థమైంది. చేయి పట్టుపంచెకు తుడుచుకున్నాడు. అక్కడ పొడుగాటి మరక పడింది. దీప నుదుటి మీదికి దిగిన చారను సారవ్వ కొంగుతో అద్దుతుంటే, కెమెరా పట్టుకున్నతను కొంచెం పక్కకు జరగమన్నాడు.

తలంబ్రాల దగ్గర అందరూ నవ్వుతున్నారు. కిషన్ నవ్వలేదు.

మర్నాడు గోలేటిలో, అత్తగారింట్లో, సత్యనారాయణ వ్రతానికి ముందు దీప తలస్నానం చేసింది. బెల్లం జిగురు, పొడి, స్ప్రే కలిసి ఒక పట్టాన వదల్లేదు. షాంపూ రెండోసారి పెడితే గానీ నీళ్ళు తేటగా రాలేదు. నెత్తి మంట పుట్టింది. తువ్వాలు చుట్టుకుని గదిలోకి వస్తే, మంచం మీద సారవ్వ పంపిన సంచి, అందులో పొడి డబ్బా ఉన్నాయి. పక్కనే కిషన్ కూర్చున్నాడు.

ఆమె తువ్వాలు తీసి తల వంచింది. "చూడండి. డెంగీ వచ్చినంక ఊడింది. గిదే ఉన్నది."

అతను చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఎంట్రుకలు పోతే పోయినయ్. రోజు ఫోన్ చేస్తి గద. ఒక్కనాడన్న చెప్పినవా?"

"అమ్మ ఒట్టేపిచ్చుకున్నది."

"అమ్మ ఒట్టేపిచ్చుకున్నది సరే. నీకు నోరు లేదా? మండపంల నా చెయ్యి జూసుకుంటే నాకెట్లనిపియ్యాలె?"

దీపకు కోపం పొంగింది. తల్లి మీద, కారిన పొడి మీద, జారిన ఆకు మీద, ముఖ్యంగా తన మీద. "మీరు ఫోన్ల మాటిమాటికి జడ, జడ అంటే నేనెట్ల చెప్పాలె?" అంది.

అతను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయటికి చూస్తూనే, "మల్ల వస్తదంటనా?" అన్నాడు.

"వస్తదన్నడు డాక్టర్. మెల్లగ. రాకుంటే రాదు. నేను మాత్రం రోజు గీ పొడి పూసుకుంట కూసోలేను."

"నేను పూసుకొమ్మన్ననా?" అని విసుగ్గా అని బయటికి వెళ్ళిపోయాడు.

ఫోన్ మోగింది. సారవ్వ. "పూసుకున్నవా బిడ్డా? చుట్టాలు వస్తరు."

"తర్వాత మాట్లాడుత అమ్మా," అని పెట్టేసింది. పాపిట కొంచెం పక్కకు తీసి, తడి ఆరకముందే జడ వేసుకుంది. సన్నగా వచ్చింది. కుంకుమ పెట్టుకుంటే వెడల్పాటి పాపిట ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. అలాగే వెళ్ళి పీట మీద కూర్చుంది.

వ్రతం మధ్యలో కిషన్ మేనత్త పోశవ్వ వంగి చూసింది. "ఏందే బిడ్డా, గీ వయసుల నెత్తి గిట్లయింది?"

"జ్వరమొచ్చి ఊడిందవ్వ," అంది దీప. తల ఎత్తే చెప్పింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

కిషన్ ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను ముఖం ముడుచుకునే ఉన్నాడు. అక్షింతల పళ్ళెం మాత్రం ఆమెకు అందేలా కొంచెం జరిపాడు. అయ్యగారు రెండో కథ మొదలుపెట్టారు.