భాగస్వామ్య సంస్థలంటే ఎవరు?

నాకు కోపం తొందరగా వస్తుందని నాచారంలో మా స్కానింగ్ సెంటర్‌కు వచ్చే వాళ్లందరికీ తెలుసు. రత్నకుమారి కౌంటర్లో కూర్చుందంటే లైను దానంతటదే సరిగ్గా నిలబడుతుంది. కానీ ఆ పేరా మీద వచ్చిన కోపం మాత్రం నా తప్పు కాదు. మీరే చదవండి.

"మీ వ్యక్తిగత సమాచారము సేకరించబడి, భద్రపరచబడి, సేవల మెరుగుదల నిమిత్తము భాగస్వామ్య సంస్థలతో పంచుకొనబడును. ఇందుకు సమ్మతించుచున్నాను."

ఇది రెండు వేల పన్నెండు నాటి మాట. అంతకు ముందు ఏడాదే ఢిల్లీ నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. మనుషుల ఆరోగ్యం వివరాలు తీసుకునే వాళ్లెవరైనా, ఏం తీసుకుంటున్నారో, ఎందుకు తీసుకుంటున్నారో, ఎవరికి ఇస్తారో చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మా డాక్టరుగారు జనార్దనరావు ఎవరో లాయరు చేత ఇంగ్లీషులో రాయించారు. దాన్ని ఎవరో తెలుగులోకి దించారు. ఆ దించిన మహానుభావుడు జన్మలో ఒక్కసారైనా ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాడో లేదో నాకు అనుమానమే. రిజిస్ట్రేషన్ కాగితం వెనక అచ్చు వేయించాం. ఇక చూడండి, వచ్చిన ప్రతి మనిషీ కాగితం తిప్పి, "గిదేంది మేడం? దస్కతు పెడితే ఏమైతది?" అని అడగడం, వెనక లైనంతా గోల చేయడం.

"నువ్వే అర్థమయ్యేలా రాసిపెట్టమ్మా, ఒక్క పేరాయే కదా. గోడకు కూడా అంటిద్దాం," అన్నారు డాక్టరుగారు.

ఒక్క పేరాయే కదా అని నేనూ అనుకున్నాను. సేకరించేవి రాశాను. భద్రపరిచే చోటు దగ్గరికి వచ్చి కౌశల్‌ని అడగాలని పక్కన పెట్టాను. కౌశల్ ఉప్పల్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసు కుర్రాడు, మా కంప్యూటర్లు చూసేది అతనే. ఇక 'భాగస్వామ్య సంస్థలు' అంటే ఎవరా అని పెన్ను కొరుకుతూ కూర్చున్నాను.

అప్పుడే వచ్చాడు దయాకర్, కొన్ని నెలల కిందట భార్య హిమజను స్కానింగ్‌కు తీసుకొచ్చిన మనిషి. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్నాడు, షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. కౌంటర్ దగ్గర ఎవరూ లేకుండా అయ్యేదాకా దూరంగా నిలబడి, అప్పుడు దగ్గరికి వచ్చాడు.

"మేడం, జర నా నంబర్ తీసెయ్యిన్రి."

"ఏ నంబరు? ఎక్కడినుంచి తీసెయ్యాలి?"

"మీ దగ్గరికెల్లి. నెల నెలా ఫోన్ జేస్తున్నరు. బొడ్డుతాడు రక్తం దాసిపెడ్తరంట, పిల్లలకు పెద్దయినంక పనికొస్తదంట. సార్, కంగ్రాట్స్, మేడంకు ఎనిమిదో నెల పడ్డది అంటరు."

"దానికి నన్నెందుకు అడుగుతావయ్యా? ఇష్టం లేదని వాళ్లకే చెప్పు, మానేస్తారు," అని కసిరాను. భోజనం వేళ అయింది, నా సంగతి చెప్పాను కదా.

అతను చేతిలో ఫోన్‌ని తిప్పుతూ నిలబడ్డాడు.

"మాకు నాలుగో నెల్లనే పోయింది మేడం."

చేతిలోని పెన్ను కింద పెట్టాను.

"గా పిల్లకేం తెలుసు పాపం, ముంగట ఉన్నది సదువుతది. లేదమ్మా, పోయింది అని జెప్పాలె. నాకు నోట్లకెల్లి వస్తలేదు. సరే మేడం, ఆలోచిస్తం అని పెట్టేస్తున్న." ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాడు. "ఇంట్ల ఒకటే ఫోన్. హిమజ ఎత్తుతదేమోనని షిఫ్టుకు నేనే తీస్కపోతున్న. తానానికి పోయినా ఎంట పెట్టుకుంటున్న. ఎవరు జేస్తున్నరు, నాకు జెప్పవా అని అడుగుతది. ఏమని జెప్పాలె? వాళ్ల లెక్కల వచ్చే నెల కాన్పు. గప్పుడు ఫోన్ జేసి బాబా, పాపా అని అడుగుతరు. గది హిమజ ఇంటే ఆగమైతది మేడం."

"నంబరు మార్చుకోకూడదూ?"

"ఊరోళ్లందరి దగ్గర గిదే ఉన్నది. ఎందుకు మార్సినవంటే మళ్ల ఏం జెప్పాలె?" అని, గొంతు తగ్గించాడు. "ఇప్పుడు మళ్ల నెల తప్పింది మేడం. మూడు నెలలు దాటేదాక అమ్మగారింట్ల గూడ చెప్పొద్దన్నది. సోమవారం స్కానింగ్‌కు తీస్కొస్త, గీ ఫోన్ల సంగతి తనకు జెప్పకున్రి. మళ్ల గీ కాయితం మీదనే దస్కతు పెట్టాలెనా?"

"నేను చూస్తాను నాయనా, నువ్వు వెళ్లు," అన్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

కౌశల్ రాగానే కుర్చీలో కూర్చోబెట్టి అడిగాను. ఇక్కడ ఎక్కించిన వివరాలు ఎక్కడెక్కడికి పోతాయి? అతను చెప్పుకుంటూ పోయాడు. మా కంప్యూటర్లో ఉంటాయి, కాపీ ఉప్పల్‌లో వాళ్ల సర్వర్లో ఉంటుంది. మనిషిని మా దగ్గరికి పంపిన డాక్టరుకి రిపోర్టు వెళుతుంది. మా దగ్గర చేయని రక్తపరీక్షలు బయటి ల్యాబ్‌కి, శాంపిల్‌తోపాటు పేరూ వయసూ. గర్భిణుల స్కానింగ్ ఫారాలు చట్టప్రకారం నెలనెలా జిల్లా వైద్యాధికారి ఆఫీసుకి. ఇవన్నీ నాకు తెలిసినవే.

"ఇంకా?"

"ఇంకా... ఆ లిస్టు ఒకటి ఉంది కదా మేడం," అన్నాడు గోడ వైపు చూస్తూ. "పేరు, ఫోన్ నంబరు, చివరి నెలసరి తేదీ. బొడ్డుతాడు రక్తం కంపెనీకి. సార్ పంపమన్నారు. తేదీని బట్టి ఏ నెలో వాళ్లే లెక్క కట్టుకుంటారు."

"మరి బిడ్డ నిలవకపోతే? ఆ సంగతి ఎవరు చెబుతారు వాళ్లకి?"

"దానికి కాలమ్ లేదు మేడం."

హాల్లోకి చూశాను. వచ్చిన వాళ్లు కూర్చునే మెత్తటి సోఫాలు ఆ కంపెనీ ఇచ్చినవే. ప్రకటన కోసం ఇచ్చారనుకున్నాను ఇన్నాళ్లూ. వీపు ఆనించే చోట పసిపాప బొమ్మ ఉంటుంది. పోగొట్టుకున్న వాళ్లనూ వాటి మీదే కూర్చోబెట్టాం మేము.

ఆ కోపంలోనే పేరా పూర్తి చేసి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు.

"'మీ పేరు, ఫోన్ నంబరు, చివరి నెలసరి తేదీ బొడ్డుతాడు రక్తం దాచే కంపెనీకి ఇస్తాం. కాన్పు దాకా వాళ్లు మీకు ఫోన్ చేస్తారు. బిడ్డ నిలవకపోయినా చేస్తారు, ఎందుకంటే ఆ సంగతి మేం వాళ్లకు చెప్పం.' ఇదేంటమ్మా! ఇలా రాస్తే ఎవరైనా సంతకం పెడతారా?"

"అర్థమయ్యేలా రాయమన్నది మీరే కదండీ."

"కాస్త మెత్తగా రాయమ్మా. ఎంపిక చేసిన సంస్థలు అనో, మరోటో. వాళ్లు ఒప్పుకునే సంతకం పెట్టారు కదా. లాయరు కూడా చూశాడు."

"ఒప్పుకోలేదండీ, అర్థం కాక పెట్టారు. రెండింటికీ తేడా లేదూ? ఇందులో అబద్ధం ఏదైనా ఉంటే కొట్టేయండి. లేకపోతే ఈ వాక్యమైనా గోడ మీద ఉండాలి, ఆ లిస్టైనా ఆగాలి. రెండూ కుదరవు నా దగ్గర."

తర్వాత దయాకర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, పేరు మాత్రం చెప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చెడ్డవాడు కాదు మా డాక్టరుగారు. ఇరవై ఏళ్లుగా ఈ ఏరియాలో తల్లులకు స్కాన్ తీసి, గుండె కొట్టుకుంటోందమ్మా అని తెర తిప్పి చూపించిన మనిషి. అయితే స్కాన్ గది బయట తన లిస్టు ఏం చేస్తోందో ఎన్నడూ ఆలోచించలేదు.

"ప్రతి నెలా చేస్తున్నారా?" అన్నారు చివరికి.

"ప్రతి నెలా."

నా ముందే కంపెనీకి ఫోన్ చేశారు. లిస్టు ఇక పంపేది లేదన్నారు, ఇచ్చిన పేర్లన్నీ తీసేయమన్నారు, తీసేసినట్టు కాగితం మీద రాసివ్వమన్నారు. వాళ్లు సోఫాల సంగతి ఎత్తినట్టున్నారు, "తీసుకెళ్లండి" అని పెట్టేశారు. రెండు రోజులకు సోఫాలు వెళ్లాయి, ఉత్తరం వచ్చింది. ఒకసారి బయటికి పోయింది పూర్తిగా వెనక్కి వస్తుందని ఎవరు ప్రమాణం చేయగలరు? అయినా దయాకర్ నంబరు తీసేశారా లేదా అని నేను విడిగా వాళ్లను అడిగి మరీ తేల్చుకున్నాను.

సోమవారం ఇద్దరూ వచ్చారు. హిమజ సన్నగా, పెద్ద కళ్లతో, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. దయాకర్ ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను పిలవగానే ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చి, కాగితం తిప్పి, వేలు పెట్టి చదివింది.

"మీ పేరు, వయసు, అడ్రసు, ఫోన్ నంబరు, చివరి నెలసరి తేదీ, డాక్టరు చీటీ తీసుకుంటాం. పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వడానికే. ఇవి ఇక్కడి కంప్యూటర్లో ఉంటాయి. ఒక కాపీ ఉప్పల్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉంటుంది. మిమ్మల్ని పంపిన డాక్టరుకి రిపోర్టు ఇస్తాం. మా దగ్గర చేయని పరీక్షకు మీ పేరు, వయసు బయటి ల్యాబ్‌కు వెళతాయి. గర్భిణుల స్కానింగ్ ఫారం జిల్లా వైద్యాధికారికి పంపాలని చట్టం, అది ఆపలేం. చట్టం అడిగితే తప్ప ఇంకెవరికీ ఇవ్వం. ఇవ్వాల్సి వస్తే వాళ్ల పేరు చెప్పి మిమ్మల్ని అడుగుతాం. వద్దనవచ్చు. వద్దన్నా స్కాన్ చేస్తాం. ఒకసారి సరేనని తర్వాత వద్దనుకున్నా రాసిస్తే చాలు."

"అక్కా, ఇంకెవరికీ ఇయ్యం అని రాసిన్రు. ముందుగాల ఇచ్చిన్రా?"

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇచ్చాం తల్లీ. బొడ్డుతాడు రక్తం కంపెనీకి. ఇప్పుడు ఆపేశాం. మీ నంబరు కూడా తీయించాం."

ఆమె తల ఎత్తలేదు. కాగితం మీద వేలు అక్కడే ఉంది.

"నాకు ఒక్కసారి వచ్చిందక్కా ఆ ఫోన్. ఆయన ఇంట్ల మర్సిపోయి పోయిండు. ఆరో నెల అంట. బిడ్డ మంచిగ తిరుగుతున్నదా అని అడిగింది. తిరుగుతున్నదని జెప్పిన."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"గా నంబర్ ఫోన్లకెల్లి తీసేసిన. ఆయన సూస్తే తట్టుకోడు. మనిషి పైకి గట్లనే ఉంటడు గానీ, దవాఖానాల నాకంటె ఎక్కువ ఏడ్సిండు. ఆయనకు తెల్వద్దు అక్కా, జర చెప్పకున్రి."

గుమ్మం వైపు చూశాను. దయాకర్ ఫోన్‌ని గుండెకు ఆనించి, లోపలికే చూస్తున్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరు కాపాడుకుంటూ ఇన్ని నెలలు ఎలా గడిపారో ఈ పిచ్చివాళ్లు! నా కళ్లు నిండాయి. ఆమె చెప్పొద్దన్నది, అతను చెప్పొద్దన్నాడు. ఎవరి సంగతీ ఇంకొకరికి ఇవ్వబోమని ఇప్పుడే గోడ మీద అంటించిన దాన్ని నేను.

"నేను చెప్పను తల్లీ. కానీ నువ్వు చెప్పు. ఆయన ఫోన్ ఎందుకు ఇవ్వడం లేదో ఆయన్నే అడుగు. నీ దగ్గరున్నది ముందు చెప్పి, అప్పుడు అడుగు."

హిమజ నా మొహంలోకి చూసింది. మెల్లగా తల తిప్పి అతన్ని చూసింది, అతని చేతిలోని ఫోన్‌ను చూసింది. ఆమెకు అర్థమైంది.

"ఏమయ్యా, గాడ నిలబడ్డవేంది? ఇటు రా," అని పిలిచింది.

అతను భయం భయంగా వచ్చాడు. ఆమె చేయి చాపింది. అతను నన్ను చూశాడు. ఇచ్చెయ్యి అన్నట్టు తల ఊపాను. ఫోన్ తీసుకుని కౌంటర్ పక్కనున్న కుర్చీలో పెట్టి, తానూ కూర్చుని, అతని మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు గూడ వచ్చిందయ్యా," అంది.

వెనక లైనులో ఎవరో "ఎంతసేపు మేడం?" అని అరిచారు. "కాసేపు ఆగితే కొంపలేం మునగవు, కూర్చోండి!" అని గట్టిగా అరిచి, వాళ్లిద్దరూ ఏడవడం ఎవరికీ కనబడకుండా కౌంటర్ ముందుకు వచ్చి నిలబడ్డాను.