ఐదంతస్తుల గోపురం, ఆరంతస్తుల ఫోటో

కాశీవిశ్వనాథం ఫోన్‌లో గోపురం బొమ్మకో రకంగా ఉంది. ఎదురుగా చూస్తే ఐదంతస్తులు. మూల నుంచి చూస్తే ఆరు. దీపాలు వెలిగించిన బొమ్మలో నాలుగే. మూడూ ఒకే గుడికి కొత్తగా కట్టబోయే గోపురానివి, మూడూ ఆయనే ఏఐ యాప్‌కి చెప్పి చేయించినవి. ఆయన వేంకటేశ్వరస్వామి గుడి కమిటీ ప్రెసిడెంటు, రైసుమిల్లు యజమాని. బస్తాలో తూకం కాస్త తేడా వస్తే ఊరంతా వినపడేలా అరుస్తాడు. దేవుడి గోపురానికి ఒక అంతస్తు ఎక్కువైతే మాత్రం కనపడలేదు.

కనపడకపోతే పోయె, ఆ ఆరంతస్తుల దాన్నే పెద్ద ఫ్లెక్సీ కొట్టించి తిరువూరు సెంటర్లో కట్టించాడు. స్థపతి వీరరాఘవయ్య బస్సు దిగుతూనే దాన్ని చూశాడు. గోపురం లెక్కలన్నీ ఆయనవే, కట్టించేది ఆయనే. గుడికి పోకుండా తిన్నగా మిల్లుకి వెళ్ళి తిట్టాడు. గోపురానికి అంతస్తులు మూడో, ఐదో, ఏడో ఉంటాయి. బేసిగానే ఉంటాయి. సరిసంఖ్య గోపురం ఎవడు కడతాడు? ఆ ఫ్లెక్సీ కింద నిలబడి టీలు తాగిన భక్తులు ఎంతమందో, ఒక్కరూ తలెత్తి లెక్కపెట్టలేదు.

తిట్లు తిన్నది ప్రెసిడెంటు. పని పడింది హెప్సిబా మీద.

హెప్సిబా తిరువూరులో ఉదయ్ కుమార్ నడిపే డిజిటల్ షాపులో డిజైనరు. గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చిపోతుంది. పెళ్ళి ఫ్లెక్సీలు, ఓణీల ఫంక్షన్ బ్యానర్లు, మధ్యమధ్యలో కట్టబోయే ఇంటి ముఖం ఎట్లా ఉంటుందో చూపే ఎలివేషన్ బొమ్మ. ఇంటి ఎలివేషన్లు చేసీ చేసీ త్రీడీ పట్టుబడింది. కాశీవిశ్వనాథం షాపులోకి వచ్చి ఫోన్ ఆమె కీబోర్డు మీద పెట్టాడు.

"అమ్మాయ్, బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. ఒక్క అంతస్తు చెరిపెయ్. అంతే పని."

"ఏ అంతస్తు చెరపమంటారండి?"

"ఏదో ఒకటి. మధ్యలోది."

"మధ్యలోది తీస్తే పైది వచ్చి కింద దాని మీద కూర్చోదండి. పైకి పోయేకొద్దీ సన్నబడాలి గదా. అయినా చూడండి, రెండో అంతస్తులో ఎడమపక్క నాలుగు బొమ్మలున్నాయి, కుడిపక్క మూడే. ఈ ద్వారపాలకుడికి మూడు చేతులు."

"మూడా?" ఫోన్ దగ్గరకి తీసుకున్నాడు. "దేవుడి గుళ్ళో చేతులు ఎక్కువుంటే తప్పేంటమ్మా?"

ఉదయ్ కుమార్ నవ్వాడు. ప్రెసిడెంటు జోకు వేస్తే నవ్వడం అతని వ్యాపారంలో భాగం.

విషయం నవ్వేది కాదు. గోపురం అంతా రాయి. పైన సిమెంటుతో సర్దుకునే బాపతు కాదు. బొమ్మలన్నీ ఊరవతల శిల్పశాలలో చెక్కించి, లారీల్లో తెచ్చి పేర్చాలి. శుక్రవారం కమిటీ ఏ బొమ్మకి సరేనంటే అదే శిల్పశాలకి పోతుంది. హెప్సిబా సరైన బొమ్మ ఇవ్వలేకపోతే ప్రెసిడెంటు తన ఫోన్లో బొమ్మ పంపుతానని ముందే చెప్పేశాడు. తప్పు గోపురం రాయిలోకి దిగితే మళ్ళీ వెనక్కి రాదు.

ముందు ఆయన చెప్పినట్టే ప్రయత్నించింది. యాప్‌లో "సరిగ్గా ఐదు అంతస్తులు" అని రాసింది. అది ఏడంతస్తులు ఇచ్చింది. మూడో అంతస్తు చుట్టూ గీత గీసి, అది మాత్రం మార్చమంది. అది మారింది, కానీ పై అంతస్తులో బొమ్మల వరస దాంతో అతకలేదు. ఎడమ సరిచేస్తే కుడి పాడయింది. దానికి గోపురం అంటే ఏంటో తెలియదు, గోపురం ఫోటో ఎట్లా ఉంటుందో తెలుసు. లెక్కపెట్టి కట్టదు, పోలికతో పులుముతుంది. ఇది చెప్తే ఉదయ్ కుమార్ "ఇంకోసారి కొట్టి చూడు" అన్నాడు. ఇంకోసారి, ఇంకోసారి. రోజంతా అదే.

"ఉదయ్ గారూ, ఇది చెరిపి బాగుచేసే పని కాదు. త్రీడీలో మొదట్నుంచి కట్టాలి."

"శుక్రవారానికి అవుతుందా?"

"అయ్యేదాకా నాకు పెళ్ళి ఫ్లెక్సీలు ఇవ్వకండి."

"విస్సన్నపేట వాళ్ళది ఒక్కటి..."

"ఇవ్వకండి అన్నాను."

కొలతల కోసం వీరరాఘవయ్య దగ్గరికి పోతే ఆయన ఒక పాత కాగితం ఇచ్చాడు. ఎదురుగా కనపడే గీత మాత్రమే ఉంది.

"పక్కనుంచి ఎట్లా ఉంటుందండి?"

"నా బుర్రలో ఉంది."

"బుర్రలోది నాకు కనపడదు గదండి."

"కట్టేటప్పుడు చెప్తా."

"నేను ఇప్పుడే కడుతున్నానండి, కంప్యూటర్లో."

గొణుక్కుంటూనే చెప్పాడు. ప్రతి అంతస్తూ కిందదానికన్నా ఎంత తగ్గాలో, వెడల్పుతో పాటు ఎత్తు కూడా ఎంత తగ్గాలో, పైకి పోయేకొద్దీ పక్క గూళ్ళు ఎక్కడ తగ్గించాలో. ప్రతి అంతస్తు మధ్యలో ఒక ద్వారం గూడు, అవి లెక్కపెడితే అంతస్తులు తెలుస్తాయి. అన్నిటికీ పైన పడవ బోర్లించినట్టుండే కప్పును అంతస్తుగా లెక్కపెట్టరు. దాని మీద కలశాలు కూడా బేసే.

హెప్సిబా గోపురం కుడి సగమే కట్టింది. ఒక స్తంభం చేసి దాన్నే వరసగా పెట్టింది. సింహం పోలిన ఒక యాళి, ఒక ద్వారపాలకుడు, శంఖచక్రాలు పట్టుకుని నిలబడ్డ ఒక విష్ణుమూర్తి. ఒక్కో రకానికి ఒక్కటే మూలం, మిగతావన్నీ దానికి లింకు. ఒక దాని ముక్కు సరిచేస్తే అన్నిటి ముక్కులూ సరవుతాయి. ఆ సగాన్ని నడిమి గీత మీద మిర్రర్ కొడితే ఎడమ సగం దానంతటదే వచ్చింది. కరెంటు రెండుసార్లు పోయింది, త్రీడీ నుంచి బొమ్మ తీసే రెండర్ మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. అయినా చివరికి కెమెరా ఎటు తిప్పినా, ఎదురుగా, మూల నుంచి, పైనుంచి, ఐదంటే ఐదే. ఎక్కడినుంచి చూసినా అదే గోపురం.

శుక్రవారం గుడి మండపంలో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి గోపురాన్ని చుట్టూ తిప్పి చూపించింది. కమిటీ వాళ్ళు నోరు తెరిచారు. కాశీవిశ్వనాథం "అదీ!" అన్నాడు, తనే చేసినట్టు.

వీరరాఘవయ్య కుర్చీ టీవీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, ఆపు. ఎడమపక్క దగ్గరగా చూపించు." చూపించింది. "స్వామికి కుడిచేతిలో శంఖం ఏంటి?"

హెప్సిబా రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూసింది. కుడి సగంలో ప్రతి విష్ణుమూర్తికీ కుడిచేతిలో చక్రం, ఎడమచేతిలో శంఖం, సరిగ్గా ఉన్నాయి. ఎడమ సగంలో అన్నీ తారుమారు. అద్దంలో చూస్తే మన కుడిచెయ్యి ఎడమైనట్టు, మిర్రర్ కొడితే దేవుడి చేతులు కూడా మారాయి. గోపురం రెండువైపులా సమానంగా ఉండాలన్న తొందరలో ఇది ఆమె కంటికి తగల్లేదు.

"చూశారా?" అన్నాడు కాశీవిశ్వనాథం. "చర్చికి పోయే పిల్ల. మన స్వామి ఏ చేత్తో ఏం పట్టుకుంటాడో ఆమెకేం తెలుస్తుంది? పాపం, ఆమె తప్పు కాదులే. నా ఫోన్లోదే పంపిద్దాం."

హెప్సిబాకి ఒళ్ళు మండింది.

"తప్పు నాదేనండి. మిర్రర్ వల్ల వచ్చింది, మతం వల్ల కాదు. తెలియకపోతే కుడిపక్క సరిగ్గా ఎట్లా పెడతాను? మీ యాప్ మూడు చేతుల ద్వారపాలకుణ్ణి గీసినప్పుడు, అది ఏ గుడికి పోతుందని అడిగారా?"

ఎవరో వెనకాల కిసుక్కుమన్నారు. కాశీవిశ్వనాథం అటు తిరిగి చూస్తే ఆ నవ్వు దగ్గుగా మారింది.

"మాటలెందుకమ్మా, సరవుతుందా, కాదా?" అన్నాడు వీరరాఘవయ్య.

"ఇక్కడే కూర్చుని చేస్తాను. ఎవరూ లేవకండి."

కూర్చుంది. విష్ణుమూర్తుల్ని మిర్రర్ నుంచి బయటికి తీసింది. ఎడమ సగంలో వాటి చోట్లలో, తిప్పని నకళ్ళు పెట్టింది. నిలబడే చోటు ఎదురు సగానికి సరిసమానం, చేతులు మాత్రం మారవు. ద్వారపాలకుల్ని ముట్టుకోలేదు. వాళ్ళు జంట, గద మీద చెయ్యి వేసి గుమ్మం వైపు ఎదురెదురుగా వంగాలి, వాళ్ళని తిప్పితేనే సరి. స్తంభాలు, అంచు పట్టీలు, యాళులు అట్లాగే వదిలేసింది. ఐదంతస్తుల్లోనూ ఎడమపక్క స్వాములు ఒక్కసారే చేతులు సరిచేసుకున్నారు.

వీరరాఘవయ్య ఒక్కో అంతస్తూ చూపించమన్నాడు. చూశాడు. "సరే. ఇది పంపండి," అన్నాడు. మెచ్చుకోలు అంటూ ఏమీ లేదు. కమిటీ తీర్మానం చేసేసింది. ఫలహారాలు వచ్చాయి. హెప్సిబా గోపురం ముందువైపు బొమ్మ ఒకటి కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది, అందరూ దాచుకోమని. అసలు ఫైలు, అంతస్తు అంతస్తుకీ కొలతలు వేసి, శిల్పశాలకి పంపడానికి తయారు చేస్తోంది.

వీరరాఘవయ్య ఫోన్ మోగింది. శిల్పశాల మేస్త్రి. స్థపతి స్పీకర్ పెట్టాడు.

"అయ్యా, ప్రెసిడెంటు గారు ఇప్పుడే బొమ్మ పంపారు. ఫైనల్ అన్నారు. మీరు ఐదన్నారు గదా, ఇందులో ఆరున్నాయి. రాయి ఏ లెక్కకి కొయ్యమంటారు?"

అందరూ కాశీవిశ్వనాథం వైపు చూశారు. ఆయన నోట్లో మైసూర్‌పాకు ఉంది.

"నేనేం చేశానయ్యా? ఈ అమ్మాయి బొమ్మ బోసిగా ఉందని యాప్‌లో పెట్టి కాస్త ఎండ వెయ్యమన్నా. ఎండే. అంతస్తులు ముట్టుకోమని చెప్పానా?"

"ఎండ వెయ్యమంటే దానికి మొత్తం మళ్ళీ కొత్తగా గీయడమేనండి!" హెప్సిబా గొంతు మండపం దాటి వినపడింది. ఫోన్ వైపు వంగింది. "మేస్త్రి గారూ, అది చెరిపెయ్యండి. ఫోన్లో ఎవరు ఏ బొమ్మ పంపినా చెక్కొద్దు. నా దగ్గర్నుంచి కొలతలతో ఫైలు వస్తుంది, అదొక్కటే."

"నువ్వెవరివమ్మా ఆర్డర్లెయ్యడానికి?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఇందాక మీరు తీర్మానం చేసిన గోపురం కట్టినదాన్నండి. ఎండ కావాలంటే నన్నడగండి."

ల్యాప్‌టాప్‌లో వెలుతురు పట్టి ఒక పక్కకి లాగింది. గోపురం మీదకి పొద్దుటి ఎండ ఏటవాలుగా పడింది. గూళ్ళలో నీడలు చేరాయి, బొమ్మలు రాయిలోంచి ముందుకి వచ్చినట్టయ్యాయి. రాయి మాత్రం కదల్లేదు.

"బాగుందే," అన్నాడు కాశీవిశ్వనాథం, ఇష్టం లేకుండానే.

"బాగుంటే లెక్కపెట్టండి. మీరు నోటితో లెక్కపెట్టి చెప్తేనే ఫైలు పంపుతాను. తర్వాత మళ్ళీ నేను చూడలేదనొద్దు."

కమిటీ అంతా చూస్తోంది. స్థపతి స్పీకర్ కట్టెయ్యలేదు, అవతల మేస్త్రి వింటున్నాడు. కాశీవిశ్వనాథం చేతులు పంచెకి తుడుచుకుని టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు." వేలు ఇంకా పైకి పోయింది. "ఆరు."

"అది కప్పండి."

"కప్పు అంతస్తు కాదా?"

"మీ మిల్లుకి రేకుల కప్పు ఉంది గదా. దాన్ని ఇంకో అంతస్తు అంటున్నారా?"

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. హెప్సిబా పంపే బటన్ మీద వేలు పెట్టి కూర్చుంది, నొక్కలేదు.

"మొదట్నుంచి లెక్కపెట్టండి సార్."