పదికి పది

చెవులకు మిషన్లు పెట్టిన రోజున తులసమ్మకు ముందుగా వినిపించింది మనిషి గొంతు కాదు, మదనపల్లె క్లినిక్‌లో తిరుగుతున్న ఫ్యాన్ రొద. కాగితం మడిస్తే రేకు చించినట్టుంది. తన గొంతు తనకే కుండలోంచి వచ్చినట్టుంది.

చెవులకు కొన్నాళ్లకు అలవాటవుతుందని ఉషారాణి చెప్పింది. వినికిడి పరీక్షలు చేసి, మిషన్లు అమర్చి, వినడం నేర్పేది ఆమే. మొదట ఇంట్లో, సద్దు లేని చోట కొన్ని గంటలు పెట్టుకోవాలి. రోజూ కాస్త పెంచుకుంటూ పోవాలి. ఇంట్లోవాళ్లు ఒకరు ఇరవై నిమిషాలు ఎదురుగా కూర్చుని, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో పలకాలి. ముందు ఆ, ఈ, ఊ, మ్, స్, ష్. తర్వాత మాటలు, ఆపైన వాక్యాలు. విన్నది తులసమ్మ తిరిగి చెప్పాలి. అది కుదిరాక టీవీ పెట్టి, ఆ సద్దులో చేయాలి.

“పెదాలు చూడొద్దని కాదమ్మా. నలుగురిలో ఉన్నప్పుడు చూడండి, చెవికి అది తోడు. కానీ ప, బ, మ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. క, గ అసలు కనపడవు. అందుకే ఈ ఇరవై నిమిషాలు చెవికి వదిలేయండి.”

ఎనిమిదేళ్లు ఎదుటివాళ్ల పెదాలు చూసే మాట పోల్చుకుంటూ, పుంగనూరులో తమ కిరాణా అంగడి గల్లా దగ్గర కూర్చున్న మనిషి తులసమ్మ. పోయిన ఏడు చెవులు మరీ మొద్దుబారితే, భర్త వెంకటేశులు ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి తమ్ముడి కొడుకు భానుప్రకాశ్‌ను ఆ చోట పెట్టాడు. మిషన్లతో బాగా వినపడితే మళ్లీ నువ్వే కూర్చోమన్నాడు. ఆమెకు కావలసింది అదొక్కటే.

కోడలు సుధారాణి కాగితం పట్టుకుంది. మొదటి రోజు పది మాటల్లో మూడే సరిగ్గా వచ్చాయని నోట్‌బుక్‌లో రాసింది. రెండో రోజు నాలుగు. మూడో రోజు మళ్లీ మూడే వస్తే తులసమ్మ మిషన్లు పీకి మంచం మీద పడేసింది.

“ఆ కాగితం దించు సుధా. నోరు కనపడకపోతే కండ్లు కట్టేసినట్టుండాది.”

“దించొద్దనింది గదత్తా మేడమ్.”

“మేడమ్ ఈడికొచ్చి సూస్తాందా?”

సుధ దించింది. పదికి పది. అత్త మొహం వెలిగితే కోడలికీ ముచ్చటేసింది. పొయ్యి మీది కూర మాడకముందే పని ముగిసేది కూడా. నెలన్నర పాటు నోట్‌బుక్ నిండా పదులే. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. వెంకటేశులు ఆ పుస్తకం తిరగేసి, సోమవారం నుంచి అంగడికి రమ్మన్నాడు.

అంగట్లో ఎవరి నోరూ నిలకడగా కనపడలేదు. ఒకరు బస్తాల వైపు తిరిగి అడిగారు, ఇంకొకరు వక్కాకు నములుతూ అడిగారు. రోడ్డు మీద బస్సు హారన్, తక్కెడ చప్పుడు, మాటలు అన్నీ ఒకటే ముద్దయ్యాయి. ఫోన్ చెవికి ఆనిస్తే మిషన్ కీచుమంది. రామకుప్పం నుంచి ఎవరో సరుకుల పట్టీ చెబుతూనే ఉన్నారు. ఆమె ఊ కొడుతూ నిలబడింది. ఒక్క సరుకూ కట్టలేదు. అందరి ముందూ వెంకటేశులు ఫోన్ లాక్కుని భానుప్రకాశ్‌కిచ్చాడు.

ఆ వారమే భార్యాభర్తలు, కోడలు ముగ్గురూ మదనపల్లె వెళ్లారు. ఉషారాణి కాగితం అడ్డం పెట్టుకుని చదివింది. పదికి నాలుగు. కాగితం తీసేసి చదివింది. తొమ్మిది. నోట్‌బుక్ తెరిచి ఆ పదుల్ని కాసేపు చూసింది. మిషన్లలో లోపం లేదంది. ఇంట్లో ఎలా చేశారని నెమ్మదిగా అడిగింది.

సుధ తల వంచుకుని, కాగితం లేకుండానే చదివానంది. ఎవరు దించమన్నారో చెప్పలేదు.

వెంకటేశులు కోడలి వైపు తిరిగాడు. “దొంగ మార్కులేసి నా అంగట్లో దాన్ని నవ్వులపాలు చేసినావు గదమ్మా. ఇరవై నిమిషాలు కూర్చోను బద్దకమా?”

ఆ మాటలన్నీ తులసమ్మకు అందాయి. చెవికి కొంత, కంటికి మిగతా. సుధ ఒక్కసారి అత్త వైపు చూసింది. కాగితం తనే దించమన్నానని తులసమ్మ చెబితే, మొండిదానివి, నీకింక ఏ మిషనూ పనికిరాదని భర్త తేల్చేస్తాడు. తప్పు కోడలిదైతే ఇంకో అవకాశం ఉంటుంది. తులసమ్మ ఒళ్లో ఉన్న చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయింది.

ఏమీ పోలేదని, ఇవాళ మొదలుపెట్టినా నెలల మీద చెవి నేర్చుకుంటుందని ఉషారాణి అంది. నేర్చుకోనీమ్మా, అంగడి మాత్రం భానుప్రకాశే చూసుకుంటాడులే అన్నాడు వెంకటేశులు. తులసమ్మను గల్లా నుంచి అంత తేలిగ్గా తప్పించేశాడు.

మర్నాడు సుధ తలుపు మూసి, ఫ్యాన్ ఆపి కూర్చుంది. కాగితం కళ్ల కింది దాకా ఎత్తి పట్టుకుంది. ఒక్కో మాటా మేడమ్ చెప్పినట్టే పలికింది. తప్పు చెబితే మళ్లీ పలికింది.

“సుధా, నిన్న నేను...” అంది తులసమ్మ.

“పాలు,” అంది కాగితం వెనక నుంచి గొంతు. “చెప్పు అత్తా.”

ఇరవై నిమిషాలు కాగానే నోట్‌బుక్‌లో నాలుగు అని వేసి, లేచి వెళ్లిపోయింది.